మూడు పైసలు, ముగ్గురు చదువరులు

గత మాసం మా అమ్మాయి కళాశాల నుంచి తెచ్చిన ఒక వ్యాసం మా ఇంట్లో రెండు రోజుల చర్చకు కారణమైంది. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ కథ ఇచ్చి, చదివి మీ సొంత స్పందన రాయండని అధ్యాపకురాలు కోరారట. అమ్మాయి రెండు పుటలు రాసింది. హామిద్ త్యాగమూర్తి అనీ, ఆకలిని సైతం లెక్కచేయని మహానుభావుడనీ, కథ ముగిసేసరికి తన కళ్లు చెమ్మగిల్లాయనీ అందులో ఉంది. అధ్యాపకురాలు పక్కన ఎర్ర సిరాతో ఇలా రాసి పంపారు: “కన్నీళ్లు వచ్చాయన్న మాట నమ్ముతున్నాను. ఏ వాక్యం దగ్గర వచ్చాయి?”

అమ్మాయి నొచ్చుకుంది. “నా స్పందన రాయమన్నారు, రాశాను. నా మనసుకు కలిగినదానికి సాక్ష్యం ఎక్కడి నుంచి తేవాలి అబ్బా?” అని అడిగింది.

ప్రశ్న న్యాయమైనదే. చదువరి మనసులో కలిగే భావాన్ని విమర్శకు ఆధారంగా తీసుకోవచ్చునా అన్న వివాదం సాహిత్యలోకంలో చాలా కాలంగా ఉంది. రచన పాఠకుడిపై కలిగించే ప్రభావాన్ని బట్టి దాని విలువ కట్టడం పొరపాటని 1949లో విమ్సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్ విమర్శకులు గట్టిగా వాదించారు. అంతకు పదకొండేళ్ల ముందే, 1938లో, లూయిస్ రోజెన్‌బ్లాట్ అనే అధ్యాపకురాలు దీనికి భిన్నమైన మాట చెప్పారు. కాగితం మీది అక్షరాలు ఒక్కటే రచన కావు, పాఠకుడి ఊహ ఒక్కటే రచన కాదు, ఆ రెండూ కలిసినప్పుడు జరిగేదే రచన అన్నది ఆమె భావన. అయితే పాఠకుడికి ఏది తోస్తే అదే అర్థమని ఆమె వదిలిపెట్టలేదు. మనం చెప్పే అర్థాన్ని కథలోని ఏ భాగమూ కాదనకూడదు. కథలో మాటల ఆధారం లేనిదాన్ని మనం అందులోకి చొప్పించకూడదు. ఈ రెండు పరీక్షలకు నిలిచిన స్పందనే వాదనగా నిలబడుతుంది.

ఆ శుక్రవారం సాయంత్రం భోజనాలయ్యాక కథను మొదటి నుంచి బిగ్గరగా చదివాము. వినేవారిలో మా అమ్మ ఉంది, అమ్మాయి ఉంది, సెలవుకు ఇంటికి వచ్చిన మా అబ్బాయి ఉన్నాడు. చదివింది నేను.

కథ మీలో అనేకులకు తెలిసినదే. 1933లో వెలువడింది. ముప్పై రోజాలు గడిచి ఈద్ వచ్చింది. పల్లె నుంచి పిల్లలూ పెద్దలూ మూడు కోసుల దూరంలోని ఈద్గాహ్‌కు బయలుదేరారు. నాలుగైదేళ్ల హామిద్‌కు తల్లీ తండ్రీ లేరు. తండ్రి నిరుడు కలరాతో పోయాడు, తల్లి పాలిపోయి పాలిపోయి కన్నుమూసింది. దాదీ అమీనా ఒడిలోనే వాడి నిద్ర. వాడి కాళ్లకు చెప్పులు లేవు, జేబులో మూడు పైసలున్నాయి. మహమూద్ దగ్గర పన్నెండు పైసలు, మొహసిన్ దగ్గర పదిహేను. నమాజ్ ముగిశాక మిత్రులు రంగులరాట్నం ఎక్కారు, మట్టిబొమ్మలు కొన్నారు, మిఠాయిలు తిన్నారు. హామిద్ ఇనుప సామాన్ల అంగడి దగ్గర ఆగి, మూడు పైసలూ పెట్టి దాదీ కోసం ఒక చిమ్టా, అంటే రొట్టెలు కాల్చేటప్పుడు వాడే పట్టకారు, కొన్నాడు.

చదవడం మధ్యలోనే మొదటి చిక్కు వచ్చింది. అమీనా బట్టలు కుట్టి ఎనిమిది అణాలు సంపాదించింది. పండుగ కోసం దాచింది. పాలమ్మే ఆవిడ వచ్చి బాకీ కోసం పట్టుబట్టడంతో ఇప్పుడు రెండు అణాలే మిగిలాయి. వాటిలో మూడు పైసలు హామిద్ జేబులో, అయిదు పైసలు ఆమె సంచిలో ఉన్నాయి. “ఇక్కడ లెక్క తప్పింది” అన్నది అమ్మాయి. “రెండు అణాలంటే పన్నెండు పైసలు. మూడూ అయిదూ కలిస్తే ఎనిమిదే కదా!”

తప్పింది కథ కాదు, మన కాలం. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు. రెండు అణాలంటే సరిగ్గా ఎనిమిది పైసలే. ప్రేమ్‌చంద్ లెక్క పైసాతో సహా సరిపోయింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ మూడు పైసలను నేటి మూడు పైసలుగా తలచి చదివిన వ్యక్తికి కలిగే స్పందన వేరు, ఇంటి మొత్తం సొమ్ములో ఎనిమిదింట మూడు వంతులని తెలిసి చదివిన వ్యక్తికి కలిగే స్పందన వేరు. మొదటిది కథకు కలిగిన స్పందన కాదు, మన తెలియనితనానికి కలిగిన స్పందన. కనుక భావాన్ని నమ్మేముందు, ఆ భావం పుట్టిన వాక్యం మనకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవాలి.

తర్వాత అమ్మాయి తన కన్నీళ్ల చోటు వెదికింది. చివరి ఘట్టంలో దొరికింది. చిమ్టాను చూసి అమీనా గుండెలు బాదుకుంటుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది, ఏమీ తినలేదు, ఏమీ తాగలేదు, తెచ్చినదేమిటి, చిమ్టానా అని కోప్పడుతుంది. “ఇక్కడే. రోజంతా పస్తుండి దాదీ కోసం తెచ్చాడు కదా!”

“ఆ మాట అన్నది ఎవరు?” అని అడిగాను.

“అమీనా.”

“కథ చెప్పేవాడు ఆ మాట అన్నాడా?”

అమ్మాయి రెండు పుటలు వెనక్కి తిప్పింది. తిరుగుదారిలో మహమూద్‌కు ఆకలేసింది. తండ్రి అరటిపండ్లు ఇచ్చాడు. మహమూద్ వాటిని మిగతా మిత్రులెవరికీ పెట్టకుండా ఒక్క హామిద్‌కే పంచాడు. అదంతా ఆ చిమ్టా చలవే అన్నట్లు రచయిత చమత్కరిస్తాడు కూడా. అంటే హామిద్ పూర్తిగా పస్తులేడు. ఆ సంగతి మనకు తెలుసు, అమీనాకు తెలియదు. పాత్ర నమ్మినదాన్ని కథ చెప్పినదిగా తీసుకోవడం స్పందన రాసేవారు తరచుగా చేసే పొరపాటు. ఏ వాక్యాన్ని ఆధారంగా చూపినా, అది ఎవరి నోట వచ్చిందో చూడాలి.

ఇక త్యాగమూర్తి అన్న మాట. దానికి అనుకూలమైన వాక్యాలు కథలో లేకపోలేదు. కానీ ప్రతికూలమైనవాటిని వెదికితేనే మన మాట బలం తెలుస్తుంది. అమ్మాయి పెన్సిల్ పుచ్చుకుని వెదికింది. ఒక పైసా ఇస్తే రంగులరాట్నం ఇరవై అయిదు చుట్లు తిప్పుతుంది. కాసేపు తిరగడానికి తన ఖజానాలో మూడో వంతు పోగొట్టుకోవడం హామిద్‌కు ఇష్టం లేదు. ఇది త్యాగం కాదు, లెక్క. బొమ్మల దగ్గర, మట్టివి కదా, పడితే పగులుతాయి అంటాడు కానీ కళ్లు వాటి మీదనే ఉంటాయి, చేతులు ముట్టుకోవాలని ముందుకు సాగుతాయి. మొహసిన్ రేవడీ ఇస్తానని చేయి చాపి, వాడు అందుకోబోయేసరికి తన నోట్లో వేసుకుని ఆటపట్టిస్తాడు. ఆ బాధ హామిద్ మరచిపోడు. చిమ్టా కొనే ముందు వాడి ఆలోచనల్లో కసి కూడా ఉంది. తిననీ మిఠాయిలు, వాళ్లకే నోళ్లు పాడవుతాయి, కురుపులు లేస్తాయి అనుకుంటాడు. దాదీ చిమ్టాను చూసి మురిసిపోతుందని, ఇరుగుపొరుగు స్త్రీలకు చూపుతుందని, ఊరంతా తనను మెచ్చుకుంటుందని కలగంటాడు. పెద్దల దుఆలు సూటిగా అల్లాహ్ దర్బారుకు చేరుతాయన్న తలపూ ఉంది.

“అయితే వాడు స్వార్థపరుడా?” అమ్మాయి ముఖం చిన్నబోయింది.

కాదు. ఒక మాట తేలిపోయిందని దానికి పూర్తి వ్యతిరేకమైనది నిజమైపోదు. అసూయ, ఆశ, మెప్పుకోలు కోరిక అన్నీ ఉన్న నాలుగైదేళ్ల పిల్లవాడు అతడు. అవన్నీ ఉండగానే, పెనం మీది రొట్టె తీస్తూ కాలే దాదీ వేళ్లు వాడికి జ్ఞాపకం వచ్చాయి. మహాత్ముడికి ఆ జ్ఞాపకం రావడంలో వింత ఏముంది? మిఠాయి కోసం నోరూరుతున్న పిల్లవాడికి రావడమే కథ. అమ్మాయి కన్నీళ్లు అబద్ధం కావు. వాటికి ఆమె చెప్పుకున్న కారణం మాత్రం కథలో లేదు. ఉన్న కారణం అంతకంటే మంచిది.

మా అమ్మకు కన్నీళ్లు రాలేదు. ఆమె దృష్టి మరొక చోట నిలిచింది. “పొద్దున్నుంచి ఆ ముసలామె వేళ్ల మాట ఎక్కడైనా వచ్చిందా?” అని అడిగింది. చూశాము. ఉదయపు ఘట్టంలో అమీనా తన గదిలో కూర్చుని ఏడుస్తున్నది, కొడుకు లేని ఈద్ ఎందుకు వచ్చిందని. పిల్లవాడు మూడు కోసులు చెప్పుల్లేకుండా ఎలా నడుస్తాడని, తాను వెంట వెళ్లి అక్కడక్కడ ఎత్తుకుంటే సేమియా ఎవరు వండుతారని ఆమె ఆందోళన. కాలిన వేళ్ల ప్రస్తావన లేదు. ఇనుప సామాన్ల అంగడి ముందు, హామిద్ తలపులోనే మొదటిసారి వస్తుంది.

“చూశావా, ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆడవాళ్లు చెప్పుకోరు. వాడే చూశాడు” అన్నది అమ్మ. కట్టెల పొయ్యి మీద నలభై ఏళ్లు వంట చేసిన మనిషి మాట అది. ఆమె చేతుల మీద ఆ మచ్చలు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. చూశానే కానీ, హామిద్‌లా చూడలేదు.

ఈ స్పందనకు ఆధారం ఉందా? సగం ఉంది. కథలో రచయిత చెప్పకుండా వదిలిన చోట్లను పాఠకుడు తన అనుభవంతో నింపుకుంటాడని జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఇజర్ వివరించారు. ఈ కథలో అలాంటి ఖాళీ ఇది. వేళ్లు కాలడం గురించి అమీనా తనంత తాను మాట్లాడిన వాక్యం ఒక్కటీ లేదు. అది హామిద్ మనసులోనూ, చివర అతని నోటనూ మాత్రమే వినిపిస్తుంది. కనుక “ఆమె బాధ మనకు పిల్లవాడి కళ్ల ద్వారానే తెలుస్తుంది” అని ధైర్యంగా రాయవచ్చు. “ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు” అని రాస్తే మాత్రం గీత దాటినట్లే. ఆమె ఎప్పుడైనా చెప్పిందో లేదో కథ చెప్పలేదు. అమ్మ మాటలోని మొదటి సగం కథది, రెండో సగం అమ్మ జీవితానిది. రెండో సగాన్ని కొట్టివేయనక్కర లేదు. “మా దాదీమా ఇలా నింపుకున్నది, ఎందుకంటే ఆమె చేతులు అలాంటివి” అని దాని పేరుతో దాన్ని రాస్తే చాలు. నింపినది మనమని ఒప్పుకున్నంత కాలం ఆ ఖాళీని నింపడం తప్పు కాదు.

మూడో చదువరిని నేను. నా స్పందన రాయడానికి కొంత సంకోచంగా ఉంది, అయినా రాస్తాను.

తొమ్మిదేళ్ల కిందట కొన్ని నెలలు నాకు పని లేకపోయింది. అబ్బాయి అప్పుడు ఎనిమిదో తరగతి. బడి వారు పిల్లలను నాగార్జునసాగర్ విహారయాత్రకు తీసుకువెళ్తూ రుసుము కట్టమన్నారు. వాడు నన్ను అడగనైనా అడగలేదు. “బస్సు ప్రయాణం నాకు పడదు అబ్బా, వెళ్లను” అన్నాడు. ఇంటి పరిస్థితి గ్రహించి అన్నాడని లోలోపల తెలుసుకున్నాను, గర్వపడ్డాను. బంధువుల ఇళ్లలో పదిసార్లు చెప్పాను, మా ఇంట్లో ఒక హామిద్ ఉన్నాడని.

ఆ సాయంత్రం చివరి ఘట్టం చదువుతుండగా నా గొంతు ఆగిపోయింది. కన్నీటి వల్ల కాదు, కోపం వల్ల. నాలుగైదేళ్ల పసివాడికి ఈ పెద్దరికం ఎవరు అంటగట్టారు? అమీనా వాడిని అంత త్వరగా ఎందుకు ఎదగనిచ్చింది? పిల్లల త్యాగాన్ని పొగడి పెద్దలు తమ వైఫల్యాన్ని దాచుకుంటారు, ఈ కథ కూడా ఆ పనే చేస్తున్నదని నాకు అనిపించింది. అక్కడే అనేశాను కూడా.

“ఏ వాక్యం దగ్గర అబ్బా?” అన్నది అమ్మాయి. ఎర్ర సిరా ఇప్పుడు నా వైపు తిరిగింది.

వెదికాను. ఎనిమిది పైసలు నాకు ఎదురు నిలిచాయి. వాటిలో మూడు పిల్లవాడికి ఇచ్చి, పండుగ నాడు ఇంటికొచ్చే చాకలామెకు, గాజులామెకు, అందరికీ సేమియా పెట్టవలసిన ఇల్లాలు అయిదు మాత్రమే ఉంచుకుంది. బొమ్మలు కొనుక్కోవద్దని గానీ, పైసలు మిగిల్చి తెమ్మని గానీ ఆమె వాడికి చెప్పినట్లు కథలో లేదు. అమ్మా నాన్నా పోయారన్న చేదు నిజాన్ని సైతం వాడికి తెలియనీయకుండా కాపాడింది. అబ్బాజాన్ సంపాదనకు వెళ్లాడని, అమ్మీజాన్ అల్లాహ్ ఇంటి నుంచి మంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్లిందని వాడు నమ్ముతున్నాడు. వాడి బాల్యాన్ని ఆమె తన చేతనైనంత వరకు నిలబెట్టింది. అమీనా మీద నా నేరారోపణకు కథలో ఆధారం లేదు. నా మీద నాకున్న కోపాన్ని తీసుకువెళ్లి ఆమె మీద వేశాను. రోజెన్‌బ్లాట్ చెప్పిన రెండో పరీక్షలో నా స్పందన ఓడిపోయింది.

అయితే అంతా ఓడిపోలేదు. కోపాన్ని పక్కన పెట్టి ఆ ఘట్టాన్నే మళ్లీ చదివితే, మొదటిసారి గమనించని క్రమం కనిపించింది. చిమ్టాను చూడగానే అమీనా మెచ్చుకోలేదు. అంగడి దగ్గర హామిద్ కన్న కల, దాదీ పరుగున వచ్చి చిమ్టా అందుకుని దుఆలు ఇస్తుందన్న కల, వెంటనే నెరవేరలేదు. ఆమెకు ముందు కనిపించింది తిండిలేని పిల్లవాడు. వాడు తప్పు చేసినవాడిలా, నీ వేళ్లు కాలుతున్నాయి కదా అని చెప్పుకున్నాకనే ఆమె కోపం ప్రేమగా మారింది. ముందు బిడ్డ ఆకలి, తర్వాతే బిడ్డ గొప్పతనం. ఆ మాట విన్నాక కూడా ఆమె వాడిని పొగడి ఊరంతా చాటినట్లు లేదు. కొంగు చాచి దుఆ చేస్తూ ఏడ్చింది. పసివాడు హామిద్ ముసలి హామిద్ అయ్యాడని, ముసలి అమీనా పసిపిల్ల అయిందని రచయిత అంటాడు. ఆ తారుమారు వింతైనదన్న స్పృహ ఆయనకు ఉంది. ఆ కన్నీళ్ల మర్మం హామిద్‌కు తెలియదన్న మాటతో కథను ముగించాడు. అమీనా ఏమని దుఆ చేసిందో రాయలేదు. ఆ ఖాళీని కూడా ఎవరికి వారు నింపుకోవలసిందే.

కనుక నా స్పందనను ఇలా సరిదిద్దుకున్నాను: ఈ కథ పిల్లల త్యాగాన్ని పొగిడి ఊరుకునేది కాదు. ఆ త్యాగాన్ని అందుకున్న పెద్దలు మొదట ఏమి చూడాలో చూపేది. నా అనుభవం లేకపోతే ఆ క్రమం నా కంట పడేది కాదు. కథలోని వాక్యాలు లేకపోతే నా అనుభవం తప్పు మనిషిని నిందిస్తూ ఉండిపోయేది.

అమ్మాయి వ్యాసం తిరిగి రాసింది. ఈసారి మొదటి వాక్యంలో కన్నీళ్లు లేవు. తాను హామిద్‌ను త్యాగమూర్తిగా ఎలా పొరబడిందో, అరటిపండ్ల వాక్యం తనను ఎలా ఆపిందో చెప్పి, కాలిన వేళ్ల తలపు దగ్గర ఇప్పుడు ఎందుకు కదిలిపోతున్నదో రాసింది. పుటల సంఖ్య మాత్రం రెండే.

ఆ రాత్రి అందరూ లేచాక అబ్బాయిని అడిగాను: “ఆ రోజు బస్సు పడదన్నావే, నిజంగానే పడదా?”

వాడు నవ్వాడు. “ఇప్పుడు అడుగుతున్నారా అబ్బా?” అన్నాడు. కాసేపాగి, “నన్ను హామిద్ అని అందరికీ చెప్పినప్పుడల్లా, సాగర్ ఎలా ఉంటుందో చూడాలని ఉండేదని చెప్పడానికి వీలయ్యేది కాదు” అన్నాడు.